పిల్లల సైకిల్: నిలబడి తొక్కితే చైన్ జారుతోంది, అప్పుడప్పుడు ఊడిపోతోంది

హనుమకొండ_తండ్రి

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయికి ఏడేళ్ళు. మా అన్నయ్య కొడుకు నాలుగేళ్ళు తొక్కిన 20 అంగుళాల సైకిల్‌ను ఈ వేసవి నుంచి తను తొక్కుతోంది. దానికి గేర్లు లేవు. ముందు 36 పళ్ళ చైన్‌వీల్, వెనక 18 పళ్ళ ఫ్రీవీల్ ఉన్నాయి. మొదట్లో చైన్ వదులుగా వేలాడుతూ చైన్ కవరుకు తగిలి గరగరలాడుతూ ఉంటే దగ్గరలోని దుకాణానికి తీసుకెళ్ళాను. ఆయన ఒక అంగుళం చైన్ కోసి, మళ్ళీ కలిపి, చక్రం బిగించి ఇచ్చారు. పది రోజులు హాయిగా నడిచింది. ఇప్పుడు మా వీధి చివర ఎత్తు దగ్గర తను సీటు మీద నుంచి లేచి తొక్కగానే టక్కుమని శబ్దం వచ్చి పెడలు ఒక్కసారిగా కిందికి జారుతోంది. మొన్న అలాగే జారి మోకాలు హ్యాండిల్‌కు కొట్టుకుంది. వారానికి ఒకటి రెండుసార్లు చైన్ పూర్తిగా ఊడిపోతోంది కూడా. మళ్ళీ ఇంకో అంగుళం కోయించాలా, లేక వేరే లోపం ఏదైనా ఉందా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

చక్రధారి

ఇందులో ఆలోచించాల్సింది ఏమీ లేదండీ. చైన్ సాగింది, అంతే. సాగిన చైన్‌కు ఇంకో రెండు లింకులు తీయించి, పళ్ళకు దిట్టంగా గ్రీజు పట్టించండి. మా ఇంట్లో ముగ్గురు పిల్లలూ ఒకే సైకిల్‌తో పెరిగారు. నేను ఎప్పుడూ ఇలాగే చేసేవాణ్ణి.

ఒంగోలు_గృహిణి

మా బాబు సైకిల్‌కూ ఇదే బాధ అండీ. వెనక పళ్ళ చక్రాలు ఏడు ఉన్నాయి, చివరి చిన్న దాని మీదికి మార్చగానే చైన్ జారి ఫ్రేముకూ చక్రానికీ మధ్య ఇరుక్కుంటుంది. వెనక చక్రం దగ్గర గేరు మార్చే చేతికి రెండు చిన్న మరలు ఉంటే వాటిలో ఒకటి పావు చుట్టు తిప్పారు, సరిపోయింది. మీరూ ఆ మరలు చూడండి.

తెనాలి_పానా

ఒంగోలు గారూ, మీరు చెప్పింది గేర్ల సైకిల్ విషయంలో నూటికి నూరుపాళ్ళు నిజం, కానీ ఈ సైకిల్‌కు గేర్లు లేవు కాబట్టి ఆ మరలూ ఉండవు.

హనుమకొండ గారూ, మా నాన్నగారికి అద్దె సైకిళ్ళ దుకాణం ఉండేది. బడి నుంచి వచ్చాక నాకు దక్కిన పని చైన్లు కిరసనాయిల్‌లో కడగడమే కాబట్టి కొంచెం చనువుగా చెబుతున్నాను. మీరు రెండు వేర్వేరు ఫిర్యాదులను ఒకే మూటలో కట్టారు. బరువు పడినప్పుడు టక్కున జారడం ఒకటి, ఊడి పడిపోవడం మరొకటి. రెండింటికీ కారణం ఒకటే కావచ్చు, కాకపోవచ్చు. ముందు జారడాన్ని తేల్చుకుందాం.

చైన్ అనేది రబ్బరులాగా సాగదు. ప్రతి లింకులోనూ ఒక పిన్ను ఉంటుంది. ఇసుక, దుమ్ము, ఎండిపోయిన నూనె కలిసిన ముద్ద ఆ పిన్నునూ దాని చుట్టూ ఉన్న గొట్టాన్నీ లోపల్నుంచి అరగదీస్తుంది. ఒక్కో లింకు దగ్గర వెంట్రుక మందం ఖాళీ పెరిగినా, తొంభై లింకుల మీద అది కలిసి సెంటీమీటరుకు దగ్గరవుతుంది. మనకు కనబడే వేలాడటం అదే. రెండు లింకులు తీసేస్తే వేలాడటం పోతుంది, కానీ మిగిలిన ప్రతి లింకూ పన్నుకూ పన్నుకూ మధ్య దూరం కంటే పొడుగ్గానే ఉంటుంది. దుకాణంలో చేసిన పని తప్పని అనను, అది వదులును సరిచేసింది. అరుగుదలను మాత్రం అక్కడే ఉంచేసింది.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఒక్కటే: కొలవండి. కొత్త చైన్‌లో ఒక పిన్ను మధ్య నుంచి పక్క పిన్ను మధ్యకు సరిగ్గా అర అంగుళం ఉంటుంది. కాబట్టి 24 లింకులు లెక్కపెడితే 12 అంగుళాలు, అంటే 304.8 మిల్లీమీటర్లు రావాలి. పెడలును కొంచెం నొక్కిపట్టి చైన్ పైభాగం బిగుతుగా ఉన్నప్పుడు, ఉక్కు టేపుతో కొలవండి. దర్జీ టేపు వాడకండి, అది మీ చైన్ కంటే ఎక్కువ సాగి ఉంటుంది. వడ్రంగులు అంగుళంలో ఎనిమిదో వంతును నూలు అంటారు కదా. 12 అంగుళాల మీద అర నూలు పెరిగితే చైన్ మార్చే సమయం వచ్చిందని లెక్క. నూలు దాటితే అది పళ్ళను కూడా తినేసి ఉంటుంది.

అన్నట్టు, గ్రీజు వద్దు. చైన్ పైన పూసిన గ్రీజు పిన్ను దాకా వెళ్ళదు, దారిలోని ఇసుకను మాత్రం ఆహ్వానిస్తుంది. కుట్టు మిషన్ నూనె లింకుకో చుక్క వేసి, పది నిమిషాలాగి పైన ఉన్నదంతా గుడ్డతో తుడిచేయండి.

హనుమకొండ_తండ్రి

తెనాలి గారూ, నిన్న సాయంత్రం కొలిచాను. మొదటిసారి 24 అనుకుని 25 లెక్కపెట్టి కాసేపు భయపడ్డాను. తర్వాత లెక్క మొదలుపెట్టిన పిన్ను మీద మా అమ్మాయి గోళ్ళ రంగు చుక్క పెట్టి, మూడుచోట్ల కొలిచాను. ఎక్కడ చూసినా 308 నుంచి 309 మధ్యే వస్తోంది. సగటున 308.5 అనుకుంటే దాదాపు నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ.

వెనక ఫ్రీవీల్‌ను పాత టూత్‌బ్రష్‌తో తోమి చూశాను. పళ్ళ మధ్య గుంతలు ఒక వైపు నిలువుగా, రెండో వైపు ఏటవాలుగా ఉన్నాయి. పన్ను కొన ఒకే దిక్కుకు వంగి, కెరటంలా కనిపిస్తోంది. ముందు చైన్‌వీల్ పళ్ళు మాత్రం దాదాపు రెండు వైపులా ఒకేలా ఉన్నాయి. ముందు చక్రానికీ ఇంతే వయసు కదా, వెనకదే ఎందుకు ఇలా అయింది?

తెనాలి_పానా

వయసు ఒకటే, చాకిరీ ఒకటి కాదు. ముందు 36 పళ్ళు, వెనక 18. పెడలు ఒక చుట్టు తిరిగేసరికి ముందున్న ప్రతి పన్నూ చైన్‌ను ఒక్కసారే అందుకుంటుంది, వెనకున్నది రెండుసార్లు అందుకుంటుంది. పైగా వెనక చక్రం చిన్నది కాబట్టి బరువును పంచుకునే పళ్ళు కూడా తక్కువ. అందుకే ఎప్పుడూ ముందు పోయేది వెనక పళ్ళే.

మీ లెక్క ప్రకారం అరుగుదల నూటికి 1.2. నూలు దాటింది. అలాంటి చైన్ గుంతల అడుగున కూర్చోదు. లింకు పొడవు పెరిగింది కాబట్టి పన్ను భుజం మీదికి ఎక్కి, తనకు సరిపడే పెద్ద చుట్టును వెతుక్కుంటుంది. మెల్లగా తొక్కినంతసేపూ అలా పైపైనే నడుస్తుంది. పాప లేచి నిలబడి ఒంటి బరువంతా ఒక్క పెడలు మీద వేయగానే, అప్పటికే కొన దగ్గర ఉన్న రోలరు పన్ను దాటి తర్వాతి గుంతలోకి దూకుతుంది. మీకు వినబడే టక్కు అదే.

ఒక్క అనుమానం మాత్రం తీర్చుకోండి. వెనక బ్రేకు పట్టి, పెడలును చేత్తో గట్టిగా నొక్కి చూడండి. చైన్ పళ్ళ మీద ఎగిరితే పైన చెప్పిందే రోగం. చైన్ ఎగరకుండా పళ్ళ చక్రమే దానితో పాటు ముందుకు జారితే, ఫ్రీవీల్ లోపలి చిన్న కొక్కేలు పట్టడం లేదన్నమాట. రెండో సందర్భంలోనూ ఫ్రీవీల్ మార్చాల్సిందే, కానీ చైన్‌ను నిందించి లాభం లేదు.

నా సలహా ఏమిటంటే చైన్, ఫ్రీవీల్ రెండూ కలిపి మార్చండి. ముందు చైన్‌వీల్ ప్రస్తుతానికి ఉండనివ్వండి.

చక్రధారి

ఒక పిల్లల సైకిల్‌కు రెండూ మార్చడం వృథా ఖర్చు. కొత్త చైన్ వేస్తే లింకులు సరైన కొలతలో ఉంటాయి కాబట్టి పాత పళ్ళ మీద కూడా చక్కగా కూర్చుంటుంది. నేను చాలాసార్లు చైన్ ఒక్కటే మార్చాను, ఏ ఇబ్బందీ రాలేదు.

తెనాలి_పానా

చక్రధారి గారూ, మీకు ఇబ్బంది రాకపోవడానికి కారణం బహుశా మీరు చైన్‌ను త్వరగా మార్చడమే. అర నూలు దగ్గర మారిస్తే పళ్ళు ఇంకా బాగానే ఉంటాయి, అప్పుడు మీ మాట అక్షరాలా సరైనది. పళ్ళు కెరటంలా వంగాక మాత్రం కథ తిరగబడుతుంది. పాత పళ్ళు పాత చైన్‌తో కలిసి అరిగాయి, వాటికి ఒకదానితో ఒకటి కొంతైనా పొందిక ఉంది. సరైన కొలత ఉన్న కొత్త చైన్‌కు ఆ సాగిన గుంతలే తప్పు కొలత.

హనుమకొండ_తండ్రి

ఇద్దరి మాటా విన్నాక నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగానే ఉంది. ఖర్చు తగ్గుతుందని ముందు చైన్ ఒక్కటే మార్పించాను. ఇంటికి వచ్చేలోపే తెలిసింది. పాత చైన్ ఎత్తు మీద మాత్రమే జారేది, కొత్తది చదును నేల మీద బయలుదేరేటప్పుడు కూడా జారింది. అమ్మాయి "నాన్నా, కొత్తది ఇంకా పాతగా ఉంది" అంది. మర్నాడే వెళ్ళి 18 పళ్ళ కొత్త ఫ్రీవీల్ వేయించాను. ఆ తర్వాత జారడం పూర్తిగా ఆగిపోయింది. ఎత్తు మీద నేనే ఒక చేత్తో సీటు వెనక్కి లాగుతూ తనను నిలబడి తొక్కమన్నాను, ఒక్కసారి కూడా టక్కుమనలేదు.

అయితే మూడో రోజు చైన్ మళ్ళీ ఊడిపోయింది. స్పీడ్ బ్రేకరు దాటుతూ పెడలు ఆపిన క్షణంలో ఊడింది. ఎక్కించబోతే చైన్ చాలా వదులుగా ఉంది. దుకాణంలో బిగుతుగానే ఇచ్చారు, నేనే వేలితో నొక్కి చూశాను. మూడు రోజుల్లో కొత్త చైన్ అంత అరుగుతుందా?

ఐండ్‌హోవెన్_తెలుగు

మూడు రోజుల్లో చైన్ అరగదండీ, చక్రమే ముందుకు జరిగి ఉంటుంది. మేము నెదర్లాండ్స్‌లో ఉంటాం. ఇక్కడ చిన్నపిల్లల సైకిళ్ళలో చాలావాటికి పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉంటుంది. ఆ బ్రేకు పనిచేసేది చైన్ ద్వారానే కాబట్టి చైన్ ఊడితే వెనక బ్రేకు కూడా పోయినట్టే. మా వాడికి వంతెన దిగుతుండగా అలా జరిగి, కాళ్ళు నేలకు ఈడ్చి ఆపుకున్నాడు. అప్పటి నుంచి నేను వెనక ఇరుసు నట్ల మీద ఒక కన్ను వేసే ఉంచుతాను. మీ సైకిల్‌కు చేతి బ్రేకులే కదా? టైరు ఫ్రేము కడ్డీలకు ఎక్కడైనా రాసుకుంటోందా?

హనుమకొండ_తండ్రి

రెండూ చేతి బ్రేకులేనండీ. మీరు అడిగాక వంగి చూశాను. పెడళ్ళ వెనక, టైరు రెండు కడ్డీల మధ్య నుంచి వెళ్ళే చోట ఎడమ కడ్డీ లోపలి వైపు రంగు పోయి నల్లటి గీత పడింది. కుడివైపు వేలు దూరేంత సందు ఉంది, ఎడమవైపు అట్ట ముక్క కూడా దూరడం లేదు.

తెనాలి_పానా

ఐండ్‌హోవెన్ గారు సరిగ్గా పట్టుకున్నారు. చైన్ ఉండేది కుడివైపు. పాప తొక్కిన ప్రతిసారీ చైన్ ఇరుసు కుడి కొనను ముందుకు లాగుతుంది. కుడి నట్టు పట్టు వదిలితే ఆ కొన గాడిలో ముందుకు జరుగుతుంది, చక్రం ముందు అంచు ఎడమవైపు తిరుగుతుంది. మీ నల్లగీత దానికి సాక్ష్యం. దాంతో చైన్ వదులవుతుంది, పైగా ఫ్రీవీల్ వంకరగా నిలబడి చైన్‌ను పక్క నుంచి అందుకుంటుంది. వదులు, వంకర రెండూ కలిసినప్పుడు ఒక్క కుదుపు చాలు.

ఇక నట్టు ఎందుకు పట్టు వదులుతోందన్నది ప్రశ్న. ఒక చిన్న మాట అడుగుతాను: ఈ సైకిల్‌కు పక్క చక్రాలు ఉండేవా? ఉంటే ఎప్పుడు తీశారు?

హనుమకొండ_తండ్రి

ఉండేవండీ. అమ్మాయికి తొక్కడం వచ్చాక జూన్‌లో నేనే తీశాను. దానికీ దీనికీ సంబంధం ఏమిటో నాకు అర్థం కాలేదు.

తెనాలి_పానా

నట్లు టోపీల్లా మూసి ఉన్నాయా, లేక ఇరుసు కొన బయటికి కనిపించే మామూలు నట్లా? టోపీ నట్లయితే ఒకసారి పానాతో గట్టిగా బిగించి, ఆ తర్వాత నట్టు కింద ఉన్న వాషరును వేలితో తిప్పి చూడండి.

హనుమకొండ_తండ్రి

తెనాలి గారూ, నమ్మలేకపోయాను. టోపీ నట్లే. 15 నంబరు పానాతో ఇక తిరగనంత వరకు బిగించాను, చేయి నొప్పి పుట్టింది. తర్వాత వాషరును బొటనవేలితో నెడితే గిర్రున తిరిగింది. నట్టు బిగిసింది కానీ దేనినీ పట్టుకోవడం లేదు.

తెనాలి_పానా

పక్క చక్రాల రేకు ఇరుసు మీద, ఫోర్కుకూ నట్టుకూ మధ్య ఉంటుంది. ఆ రేకు మందం మూడు మిల్లీమీటర్లదాకా ఉంటుంది. మీరు దాన్ని తీసేశాక ఇరుసు అంత మేర ఎక్కువగా బయటికి వచ్చింది. ఇప్పుడు టోపీ నట్టు వాషరును నొక్కకముందే దాని లోపలి కప్పు ఇరుసు కొనకు తగిలి ఆగిపోతోంది. బిగించేవాడి చేతికి అది గట్టిగానే అనిపిస్తుంది, అందుకే దుకాణంలోనూ తెలిసి ఉండదు. రేకు మందానికి సరిపడా రెండు వైపులా అదనపు వాషర్లు వేయండి, లేదా మామూలు నట్లు వేసి, పాప పిక్కకు గీసుకోకుండా ఇరుసు కొనలకు ప్లాస్టిక్ టోపీలు తొడగండి. గరుకు అంచు ఉన్న వాషరు దొరికితే గరుకు వైపు ఫోర్కుకు ఆనించండి.

చక్రం నిలబెట్టే పద్ధతి కూడా చెబుతాను, ఎందుకంటే చాలామంది రెండు నట్లూ వదులు చేసి, వెనక్కి లాగి, ఒకేసారి బిగించేస్తారు. అలా చేస్తే ముందు బిగించిన వైపు పానాతో పాటే ఇరుసు కదులుతుంది. మీరు చక్రాన్ని వెనక్కి లాగి, కుడి నట్టును చేతి బలానికి కొంచెం మించి మాత్రమే బిగించండి. పై చైన్ మధ్యలో వేలితో కిందికి, పైకి కదిపితే మొత్తం కదలిక అర అంగుళం దగ్గర ఉండాలి. ఇప్పుడు ఎడమ కొనను గాడిలో ముందుకూ వెనక్కూ జరుపుతూ, పెడళ్ళ దగ్గర టైరు రెండు కడ్డీలకూ సమదూరంలోకి వచ్చేలా చూడండి. అక్కడ ఎడమ నట్టు పట్టించండి. తర్వాత కుడికి పావు చుట్టు, ఎడమకు పావు చుట్టు చొప్పున మార్చి మార్చి బిగించండి. చివర్లో సుద్దముక్కతో వాషరు నుంచి ఫోర్కు మీదికి ఒక గీత గీయండి. నాలుగు రోజుల తర్వాత ఆ గీత విరిగితే చక్రం మళ్ళీ జరిగినట్టు.

చక్రం చోటు మారింది కాబట్టి బ్రేకు రబ్బర్లు రిమ్మునే పట్టుకుంటున్నాయా, టైరును రాస్తున్నాయా అన్నది చూడకుండా పాపకు ఇవ్వకండి. చైన్ ఆడుతున్నప్పుడు పాప వేళ్ళు దగ్గరికి రానివ్వకండి. మా దుకాణంలో గుడ్డతో తుడుస్తూ ఒక కుర్రాడి వేలు పళ్ళ మధ్య నలగడం నా కళ్ళతో చూశాను.

ఒంగోలు_గృహిణి

ఇది చదివి మా చిన్నదాని సైకిల్ వాషరు తిప్పి చూశాను, అదీ తిరిగింది! పక్క చక్రాలు తీసింది మావారే. ఇంట్లో ఇప్పుడు ఈ చర్చ నడుస్తోంది.

హనుమకొండ_తండ్రి

వాషర్లు వేసి పది రోజులైంది. సుద్దగీత అలాగే ఉంది, టైరు మధ్యలోనే ఉంది, చైన్ ఒక్కసారి కూడా ఊడలేదు. ఒక్కటి మాత్రం మిగిలింది. పెడలును నెమ్మదిగా ఒక చుట్టు తిప్పుతుంటే చైన్ ఒకచోట బిగుసుకుంటోంది, అక్కడి నుంచి అర చుట్టు తర్వాత వదులవుతోంది. బిగుతు దగ్గర కదలిక ఆరేడు మిల్లీమీటర్లు, వదులు దగ్గర పద్దెనిమిది. మరి ఎక్కడ కొలిచి సరిచేయాలి?

తెనాలి_పానా

బిగుతు దగ్గరే కొలవండి. వదులు దగ్గర అర అంగుళం పెడితే బిగుతు చోట చైన్ తీగలా లాగి, పెడలు ఇరుసునూ ఫ్రీవీల్‌నూ నమిలేస్తుంది. మీ లెక్కన చూస్తే బిగుతు చోట ఇంకొంచెం వదలవచ్చు, పది మిల్లీమీటర్ల దాకా. మీ చైన్‌వీల్ క్రాంకు మధ్యకు సరిగ్గా లేదు. చౌక పిల్లల సైకిళ్ళలో రేకు చైన్‌వీల్ క్రాంకుకు రివెట్లతో బిగించి వస్తుంది కాబట్టి దాన్ని జరపడం కుదరదు. నేనైతే క్రాంకుతో సహా మారుస్తాను.

చక్రధారి

దీనికి మాత్రం నేను ఒప్పుకోను. పైన చెప్పినవాటికి నా పొరపాటు ఒప్పుకుంటున్నాను, కానీ రివెట్ల చైన్‌వీల్‌ను చెక్క ముక్క ఆనించి సుత్తితో బిగుతు వైపు నాలుగు దెబ్బలు వేస్తే చాలావరకు మధ్యకు వస్తుంది. మా వీధిలో మెకానిక్ ఎన్నోసార్లు చేశాడు.

తెనాలి_పానా

పక్కకు ఊగే వంకరైతే సుత్తికి లొంగుతుంది, అది నేనూ చేశాను. ఇది పక్కకు ఊగడం కాదు, మధ్య తప్పడం. రివెట్టు వదులై ఉంటే దెబ్బకు కదలవచ్చు, కానీ కదిలిన రివెట్టు అక్కడే నిలుస్తుందన్న నమ్మకం నాకు లేదు. హనుమకొండ గారూ, పెడలు తిప్పుతూ చైన్‌వీల్‌ను పై నుంచి చూసి, అది పక్కలకు కూడా ఊగుతోందో లేదో చెబుతారా?

హనుమకొండ_తండ్రి

చీకటి పడింది, పైగా సైకిల్ ఇంట్లో లేదు. అమ్మాయి తన స్నేహితురాలి ఇంటికి దాని మీదే వెళ్ళింది. రేపు ఉదయం చూసి రాస్తాను.